ఒక్కరే షూటింగ్ చేసేటప్పుడు సీన్ షీటు ఎలా రాసుకోవాలి: కొత్తవాడ మగ్గం ఇంట్లో తీసిన షార్ట్ ఫిల్మ్ లెక్కలతో

"అన్నా, కెమెరా నేనే, సౌండ్ నేనే, డైరెక్షన్ నేనే. షూటింగ్‌కు ముందు ఏమేం రాసుకోవాలె?" హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలేజీ పిల్లల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పేకంటే ఒకసారి పూర్తిగా రాస్తే మంచిదనిపించింది.

పెద్ద సినిమాకు ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటాడు. ఒక్కరే తీసేటప్పుడు షాట్ నడుస్తుండగా పక్కింటి మిక్సీ మోగితే పోయి ఆపమని చెప్పడానికి కూడా మనిషి ఉండడు. అందుకే అలాంటివన్నీ ముందే కాగితం మీదికి రావాలి. నేను ఒక్కో సీనుకు ఒక్కో షీటు రాస్తాను. అందులో చోటు, వస్తువులు, వెలుగు, సౌండ్ ఉంటాయి. వాటితోపాటు కెమెరా దేని మీద కూర్చుంటుందో కూడా ఉంటుంది. చెయ్యి ఖాళీ లేని మనిషికి ఆ ఐదో గడి చాలా అవసరం.

కిందటి ఫిబ్రవరిలో వరంగల్ కొత్తవాడలో తీసిన ఎనిమిది నిమిషాల ఫిల్మ్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. జంపఖానాలు నేసే తండ్రి, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన కూతురు. నటులు ఇద్దరే. సీన్లు నాలుగు: పగలు మగ్గం గది, సందెవేళ మేడ, రాత్రి వంటగది, పొద్దున బస్ స్టాపు.

ముందుగా కావాల్సినవి

ఫోన్లు రెండు. ఒకటి కెమెరాకు, ఇంకొకటి సౌండ్‌కు. రెండోది పాతదైనా పర్వాలేదు, రికార్డర్ యాప్ పనిచేస్తే చాలు.

వైరున్న కాలర్ మైక్ ఒకటి. కొనేముందు పిన్ను చూడండి. ఫోన్‌కు పెట్టే పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి. రెండే గీతలుంటే అది కెమెరాకు పెట్టేది, ఫోన్ దాన్ని గుర్తించదు. నాకు వచ్చే ఫిర్యాదుల్లో "మైక్ పెట్టినా గొంతు దూరంగా వస్తుంది" అన్నవాటికి చాలాసార్లు కారణం ఇదే. రికార్డింగ్ పెట్టి మైక్ తలను గోటితో మెల్లగా గీకి చూడండి. విన్నప్పుడు గరగరమని పెద్దగా వస్తే మైక్ పనిచేస్తున్నట్టు. చప్పుడు సన్నగా వస్తే ఫోన్ తన సొంత మైక్‌తోనే వింటున్నట్టు.

వీటితోపాటు ఫోన్ ట్రైపాడ్, 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు (రెండూ ఒకే రంగువి), వైరుతో హోల్డర్లు, రెండు థర్మోకోల్ షీట్లు, బటర్ పేపర్, మెడికల్ షాపులో దొరికే పేపర్ టేపు, బట్టల క్లిప్పులు, ఒక పాత తెల్ల పంచె.

నాకైన ఖర్చు: మైక్ 900, టైప్-సి కన్వర్టర్ 200, ట్రైపాడ్ 700, బల్బులు, హోల్డర్లు, వైరు కలిపి 450, థర్మోకోల్, పేపర్, టేపు 250, మగ్గం ఆగిన సమయానికి 500, పెట్రోలు, ఆటో 400, రెండు రోజులు ముగ్గురికి తిండి 800. మొత్తం 4,200 రూపాయలు. ఇందులో మగ్గం ఆగిన సమయానికి ఇచ్చిన డబ్బును దయచేసి ఎవరూ కొట్టేయకండి. మీరు మగ్గం ఆపించిన గంటలో ఆ ఇంటివాళ్లకు పని పోతుంది.

1. స్క్రిప్ట్ చదువుతూ ముందు సౌండ్ గడి నింపండి

చాలామంది చోటుతో మొదలుపెట్టి, సౌండ్ గడిలో చివర్లో "కాలర్ మైక్" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. మీరు తిరగేసి రాయండి. ప్రతి సీనులో మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఎవరు మాట్లాడతారు? మాటల వెనక ఏం వినపడాలి? ఏం వినపడకూడదు?

మా మొదటి సీన్‌లో తండ్రి నేస్తుంటే కూతురు వచ్చి ఉద్యోగం సంగతి చెబుతుంది. స్క్రిప్ట్‌లో మగ్గం నడుస్తూనే ఉంది, మాటలూ నడుస్తూనే ఉన్నాయి. సౌండ్ గడి నింపుతుంటేనే అది కుదరదని అర్థమైంది. మగ్గం దెబ్బకు, గొంతుకు ఒకే మైక్‌లో పొత్తు కుదరదు. దెబ్బకు తగ్గట్టు పెడితే గొంతు వినపడదు, గొంతుకు తగ్గట్టు పెడితే దెబ్బ పగులుతుంది. అందుకని సీన్‌ను ఇలా మార్చాను: కూతురు "నాయినా" అంటుంది, తండ్రి ఇంకో రెండు పోగులు కొట్టి ఆపుతాడు. మాటలన్నీ మగ్గం ఆగాకే. చివర్లో "మంచిది బిడ్డా" అని మళ్లీ నేత మొదలుపెడతాడు. తండ్రి నేత ఆపడం వల్ల సీనుకు బరువు కూడా వచ్చింది.

మగ్గం చప్పుడును విడిగా రికార్డు చేయాలని షీట్లో రాసుకున్నాను. దగ్గర నుంచి రెండు నిమిషాలు, గుమ్మం బయట నుంచి రెండు నిమిషాలు. ఎడిటింగ్‌లో ఈ రెండూ కావాలి.

2. సీన్ ఏ టైముదో ఆ టైముకే చోటు చూడండి

ఆదివారం తీరికగా వెళ్లి చూసి, బుధవారం షూట్ పెట్టుకోవడం పెద్ద తప్పు. ఆదివారం చాలా మగ్గాలు ఆగి ఉంటాయి, బుధవారం వీధంతా మోగుతుంది. షూట్ చేసే వారమే, అదే గంటకు వెళ్లండి. వెళ్లగానే ఫోటోలు తీయకండి. పావుగంట కూర్చుని కళ్లు మూసుకుని వినండి. ఆ తర్వాత మైక్ పెట్టి రెండు నిమిషాలు ఖాళీ గదిని రికార్డు చేసి, ఇంటికి వచ్చి ఇయర్‌ఫోన్స్‌తో వినండి. అక్కడ మనిషి చెవి పట్టించుకోని ఫ్యాను, ఫ్రిజ్, దూరపు లారీ ఇక్కడ స్పష్టంగా తెలుస్తాయి.

పర్మిషన్ సంగతి కూడా ఈ దశలోనే తేల్చుకోండి. వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప, ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నవి. ఫోన్‌తో ఫోటో దిగడం వేరు, నటులను నిలబెట్టి ట్రైపాడ్ వేసి సినిమా తీయడం వేరు. రెండోదానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. కాజీపేట స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూడా రైల్వే అనుమతి లేకుండా షూట్ చేయకూడదు. "ఎవరూ చూడరులే" అనుకుని వెళితే సగం సీన్‌లో ఆపేస్తారు. మీరొక్కరే కాబట్టి మాట్లాడటానికి ఒకరు, సామాన్లకు కాపలాగా ఒకరు ఉండరు.

మా నాలుగో సీన్ మొదట బస్టాండ్‌లో ఉండేది. దాన్ని కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి దాటాక వచ్చే ఒక చిన్న స్టాపుకు మార్చాను. కథకు ఏమీ తగ్గలేదు. ఊరి స్టాపులో ఒక్కతే నిలబడిన అమ్మాయి, వెనక పొలం ఉన్న ఫ్రేమ్ బస్టాండ్ గుంపులో దొరికేది కాదు.

3. వెలుగు గడిలో లైట్ల పేర్లు కాదు, వెలుగు ఎటు నుంచి వస్తుందో రాయండి

షీటు వెనక గది బొమ్మ గీయండి. నాలుగు గోడలు, గుమ్మం, కిటికీ, స్విచ్ బోర్డు, ప్లగ్గు ఎక్కడున్నాయో పెట్టండి. వెలుగు వచ్చే వైపు బాణం గీసి పక్కన టైము రాయండి.

మగ్గం గదికి కిటికీ లేదు. తూర్పు గుమ్మం, పెంకుల మధ్య ఒక అద్దపు పెంకు, అంతే. పొద్దున పది గంటలకు ఆ అద్దం నుంచి ఎండ బిళ్లలా పడి పోగుల మీద మెరుస్తుంది. చాలా అందంగా ఉంటుంది. ఒంటిగంటకు అదే బిళ్ల తండ్రి నడినెత్తి మీదికి వస్తుంది. నెత్తి తెల్లగా వెలిగిపోయి కళ్లు చీకట్లో పడతాయి.

అలాంటి వెలుగులో ఫోన్‌ను ఆటోలో వదిలితే, మనిషి కొంచెం కదిలినా గది మొత్తం వెలుగు పెరిగి తగ్గుతుంది. ముఖం మీద వేలుతో నొక్కి పట్టి ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి. లాక్ చేశానన్న సంగతి షీట్లో షాట్ నంబరు పక్కన టిక్కుగా పెట్టుకోండి. షాట్ మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి.

బల్బుల కింద తీసేటప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. చవక ఎల్ఈడీ బల్బు కింద వీడియోలో నల్ల చారలు పైకీ కిందికీ పాకుతుంటాయి. షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెడితే దాదాపు పోతాయి. ఫోన్‌తో వచ్చిన కెమెరా యాప్‌లో ఆ వీలు లేకపోతే Blackmagic Camera లేదా Open Camera లాంటి యాప్ వేసుకోండి. ఫ్రేమ్ రేటు 25 పెట్టండి. ఐఫోన్‌లో 25 కనపడకపోతే సెట్టింగ్స్‌లో Show PAL Formats ఆన్ చేయాలి. బయట ఎండలో చారలు రావు కాబట్టి అక్కడ షట్టర్‌కు ఈ పట్టింపు అక్కర్లేదు. 1/50 మీదే ఉంచితే ఎండలో బొమ్మ తెల్లగా పోతుంది.

4. సౌండ్‌కు, వెలుగుకు ఎక్కడ గొడవ వస్తుందో చూడండి

షీటు రాయడంలో అసలు పని ఇక్కడ ఉంది. రెండు గడులు పక్కపక్కన పెట్టి చదవండి.

మగ్గం గదికి మంచి వెలుగు పది గంటలకు. ఆ టైముకు వీధిలో ఇంకా నాలుగైదు మగ్గాలు నడుస్తుంటాయి. మా మగ్గం ఆపినా పక్కవాళ్ల దెబ్బలు మాటల్లోకి వస్తాయి. వీధి నిశ్శబ్దమయ్యేది అందరూ అన్నాలకు లేచే ఒంటిగంట నుంచి రెండు దాకా. అప్పుడేమో వెలుగు నెత్తిమీద.

ఒక్కరే తీసేటప్పుడు నేను ఎప్పుడూ సౌండ్ వైపే నిలబడతాను. వెలుగును పంచెతో, థర్మోకోల్‌తో సరిచేయొచ్చు. మాటల కింద దొర్లే పక్కింటి మగ్గాన్ని తర్వాత ఏ యాప్‌తోనూ శుభ్రంగా తీయలేం. తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. అందుకని సీన్‌ను రెండు ముక్కలు చేశాను.

పది గంటలకు మాటల్లేని షాట్లు: మగ్గం నడుస్తున్న దూరపు షాట్, కాళ్లు, చేతులు, ఎండ పడిన పోగులు, కూతురు గుమ్మంలోకి రావడం. ఒంటిగంటకు మాటలున్న దగ్గర షాట్లు. అప్పుడు అద్దపు పెంకు కింద దూలాలకు తెల్ల పంచెను అడ్డంగా కట్టాం. ఎండ బిళ్ల పోయి మెత్తని వెలుగు గదంతా పరుచుకుంది. టైము ఎంతో కనిపెట్టలేనట్టు అయింది. తండ్రి వంగి కూర్చుంటాడు కాబట్టి ముఖం ఇంకా చీకటిగానే ఉంది. మగ్గం మీద, ఫ్రేమ్‌కు కాస్త కింద థర్మోకోల్ పరిచాం. పైనుంచి పడిన వెలుగు దాని మీద తగిలి కళ్లలోకి వచ్చింది.

పంచె కట్టాక వైట్ బ్యాలెన్స్ మళ్లీ లాక్ చేయాలి. గోడ రంగు పొద్దున షాట్‌లో ఎలా ఉందో ఫోన్లో పక్కన పెట్టి చూసుకోండి. గోడ రంగు కలిస్తే మిగతావన్నీ కలుస్తాయి.

ఆ సీన్ షీటు చివరికి ఇలా తయారైంది:

సీన్ 1. మగ్గం గది, లోపల, పగలు. రెండు నిమిషాల పది సెకన్లు.
సౌండ్: మాటలు 1 నుంచి 2 మధ్య. మైక్ ముందు తండ్రికి, తర్వాత కూతురికి. మగ్గం విడిగా 2+2 నిమిషాలు. ఖాళీ గది 1 నిమిషం. ఫ్యాను బంద్.
వెలుగు: 10 గంటలకు అద్దపు పెంకు, అలాగే. 1 గంటకు కింద పంచె, మగ్గం మీద థర్మోకోల్. బల్బు వద్దు.
వస్తువులు: సగం నేసిన జంపఖానా (ఎర్ర చార కనపడాలి), స్టీలు చెంబు, తండ్రి కళ్లజోడు, కూతురి ఫోన్, ఎడమ చేతిలో.
చోటు: ఇంటాయనకు ముందురోజు సాయంత్రం మళ్లీ ఫోన్ చేయాలి. ప్లగ్గు గుమ్మం పక్కన ఒకటే.
కెమెరా: రెండు ఇటుకల మీద. గుంట మగ్గం, మనిషి నేలమట్టం, ట్రైపాడ్ అంత కిందికి దిగదు.

కెమెరా గడి రాయకపోతే నేను అక్కడికి ట్రైపాడ్ ఒక్కటే పట్టుకుపోయి, తండ్రిని పైనుంచి కిందికి చూస్తూ తీసి ఉండేవాణ్ని. తన మగ్గం దగ్గర కూర్చున్న మనిషిని అలా చిన్నగా చూపించడం నాకు ఇష్టం లేదు.

5. వస్తువుల గడిలో "ఏ స్థితిలో" అన్నది కూడా రాయండి

"చాయ్ గ్లాసు" అని రాస్తే చాలదు. సీన్ మొదట్లో నిండుగా, చివర్లో సగం, కుడి చేతి వైపు అని రాయాలి. ప్రతి షాట్ అయ్యాక, నటులు కదలకముందే సౌండ్ ఫోన్‌తో ఒక ఫోటో కొట్టండి. తర్వాతి షాట్‌కు ఆ ఫోటో చూసి సర్దండి.

వస్తువుల దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిరోజు ఒంటిగంట షాట్లలో రెండు మిగిలిపోయాయి. రేపు తీద్దాం అని వచ్చేశాను. మర్నాడు వెళ్లేసరికి జంపఖానా పెరిగింది. మాకు కనపడాల్సిన ఎర్ర చార కర్రకు చుట్టుకుని కిందికి పోయింది, పైన ఆకుపచ్చ వచ్చింది. నేసింది విప్పమనలేం కదా. ఆ రెండు షాట్లనూ బట్ట కనపడకుండా ముఖాల మీదే బిగించి తీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి వస్తువుల గడిలో ఒక గుర్తు పెడుతున్నాను: తనంతట తాను మారిపోయే వస్తువు పక్కన చుక్క. నేసే బట్ట, కరిగే ఐసు, వాడిపోయే పూలు, కాలే అగరువత్తి, పెరిగే గడ్డం. చుక్క ఉన్న సీన్‌ను ఒక్కరోజులోనే ముగించాలి. లేదంటే ఇలాంటిదే ఇంకో వస్తువు దగ్గర పెట్టుకోవాలి.

6. మిగతా సీన్లలో చూసుకోవాల్సినవి

మేడ సీన్ సందెవేళది. కూతురు ఫోన్‌లో స్నేహితురాలితో మాట్లాడుతుంది. పొద్దు గూకాక పనికొచ్చే వెలుగు సుమారు 20 నిమిషాలే ఉంటుంది. పొద్దు గూకిన వెంటనే మసీదు నుంచి అజా వస్తుంది, గుడి మైకూ మొదలవుతుంది. వాటితో పోటీపడి మాటలు తీయకండి. అజా అయ్యేదాకా ఆగండి. ఆ ఐదు నిమిషాల్లో మాటల్లేని దూరపు షాట్ తీసి, ఆ ధ్వనిని కూడా రికార్డు చేసి పెట్టుకోండి. మన ఊళ్ల సాయంత్రం అంటే అదే కదా. మిగిలిన పదిహేను నిమిషాలకు షీట్లో మూడు షాట్ల కంటే ఎక్కువ రాయకండి. ముందు దూరం, తర్వాత నడుము దాకా, చివరికి ముఖం. ముఖం షాట్‌కు వెలుగు సరిపోకపోతే బటర్ పేపర్ చుట్టిన బల్బు ఒకటి మెట్ల దగ్గర నుంచి వేయొచ్చు. దూరపు షాట్‌కు మాత్రం ఆ ఉపాయం పనిచేయదు.

గాలి ఎక్కువుంటే మైక్‌కు స్పాంజి చాలదు. మైక్‌ను చున్నీ మడతలో పెట్టి, నటిని గాలి వచ్చే వైపుకు వీపు తిప్పి నిలబెట్టండి. అవతలి స్నేహితురాలి గొంతు అక్కడే తీయనక్కర్లేదు, తర్వాత ఇంట్లో రికార్డు చేయొచ్చు.

వంటగది సీన్ రాత్రిది. తండ్రి చాయ్ పెడుతూ మాట్లాడతాడు. షీట్లో మొదటి మాట: ఫ్రిజ్ బంద్. ఫ్రిజ్ చప్పుడు షాట్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది, ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా తెలిసిపోతుంది. స్విచ్ తీసి, మీ బండి తాళంచెవిని ఫ్రిజ్‌లోపల పెట్టండి. పోయేటప్పుడు తాళం కోసం ఎలాగూ తెరుస్తారు, స్విచ్ వేయడం మర్చిపోరు. ఒకరి ఇంట్లో పాలు విరిగేలా చేస్తే ఆ ఇంటికి మళ్లీ షూటింగ్‌కు పోలేం. గోడ గడియారంలో సెల్లు తీసి, ముళ్లను సీన్ టైముకు తిప్పి పెట్టండి. టిక్కు టిక్కు పోతుంది, ముళ్లు కూడా షాట్‌కో తీరుగా ఉండవు.

వెలుగుకు ట్యూబులైటు ఆర్పేసి, పసుపు రంగు బల్బు ఒకటి పొయ్యి పక్క నుంచి, తలకంటే కొంచెం ఎత్తులో కట్టండి. బటర్ పేపర్‌ను బల్బుకు ఆనించకుండా ఒక జానెడు దూరంలో క్లిప్పులతో పట్టించండి. పొయ్యి మంటకు అందకుండా చూడండి. హాల్లో తెల్ల ట్యూబు వెలుగుతుంటే గుమ్మం నుంచి నీలంగా లోపలికి వస్తుంది. దాన్నీ ఆర్పండి, లేదా మొదటి నుంచీ కావాలనే ఉంచండి. సగం షాట్లలో ఉండి సగంలో లేకపోతే తర్వాత సరిచేయలేం. కరెంటు పోతే ఇన్వర్టర్ బల్బు ఆదుకుంటుందని కొందరు అంటారు. బ్యాటరీ మీద అది మసకబారుతుంది, అదే షాట్ కొనసాగించలేరు. కరెంటు వచ్చేదాకా ఆగడమే మేలు.

బస్ స్టాపు సీన్లో నేను మాటలన్నీ తీసేశాను. హైవే పక్కన ఒక్కరే ఉండి మాటలు శుభ్రంగా పట్టడం కష్టం. తండ్రి ఇచ్చిన జంపఖానా సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చోవడం, బస్సు రావడం, అంతే. బస్సు మన కోసం రెండోసారి రాదు కాబట్టి టైములు ముందురోజు రాసుకున్నాను. వరసగా వచ్చిన మూడు బస్సులతో మూడు టేకులు. ట్రైపాడ్‌ను తారు అంచుకు దూరంగా, మట్టి మీదే పెట్టండి. ఫోన్ స్క్రీన్‌లో కళ్లు పెట్టి వెనక్కి నడవకండి. మిమ్మల్ని పట్టి లాగే మనిషి అక్కడ ఉండడు.

7. షూట్ రోజు వరసను సీన్ నంబర్లతో కాక టైములతో రాయండి

నాలుగు షీట్లూ రాశాక ఇంకొక్క కాగితం తీసి రెండు రోజుల్ని గంటల వారీగా రాయండి. మా మొదటిరోజు: 9:30కి మగ్గం ఇంటికి చేరడం, 10 నుంచి 11:30 మాటల్లేని షాట్లు, 11:30కి మగ్గం చప్పుడు, 12కు తిండి, 12:30కు పంచె కట్టడం, 1 నుంచి 2 మాటలు, 5:30కు మేడ. రెండోరోజు పొద్దున బస్ స్టాపు, రాత్రి వంటగది.

మీరు అన్నం ఎప్పుడు తింటారో కూడా రాసుకోండి. ఒక్కరే పనిచేసేవాళ్లు నటులకు పెట్టి తాము తినరు. మూడు దాటాక మైక్ ఆన్ చేయడం మర్చిపోతారు. ఇది నేను చాలామందిలో చూశాను.

మైక్ ఒకటే, మాట్లాడేవాళ్లు ఇద్దరు. అందుకని ఎవరి ముఖం ఫ్రేమ్‌లో ఉంటే వాళ్లకే మైక్ పెట్టండి, అవతలివాళ్ల మాటలు వాళ్ల షాట్ వచ్చినప్పుడు తీసుకోండి. చీర, చున్నీ కింద మైక్ పెడితే గుడ్డ రాసుకుని బరబరమంటుంది. పేపర్ టేపును మూడు మూలలుగా మడిచి, జిగురు రెండు వైపులా ఉండేలా చేసి, మైక్‌ను దాని మధ్యలో బట్టకు అతికించండి. వైరును ఒక చుట్టు తిప్పి ఇంకో టేపు వేస్తే లాగుడు చప్పుడు రాదు.

8. ప్రతి షాట్‌కూ ఇదే వరస

రెండు ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు. ముందు సౌండ్ ఫోన్, తర్వాత కెమెరా ఆన్ చేయండి. "సీన్ ఒకటి, షాట్ నాలుగు, టేక్ రెండు" అని పైకి చెప్పి, ఫ్రేమ్‌లో చేతులు కనపడేలా ఒక్క చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో చేతులు తగిలిన ఫ్రేమ్‌ను, ఆ చప్పుడును కలిపితే గొంతు, పెదాలు కలుస్తాయి. రెండు ఫోన్ల గడియారాలు అచ్చంగా ఒకేలా నడవవు కాబట్టి అరగంట ఒకే ముక్కగా తీస్తే చివరికి మాట జారుతుంది. ప్రతి టేకూ మూడు నాలుగు నిమిషాల్లో ఆపేయండి.

గొంతు స్థాయి చూపించే యాప్ అయితే, గట్టిగా పలికిన మాట కూడా -12 నుంచి -6 డెసిబెల్స్ మధ్యే ఆగాలి. సున్నా తాకితే పగులుతుంది, పగిలింది మళ్లీ అతకదు. నటులను "చెప్పి చూడండి" అంటే మెల్లగా చెబుతారు. సీన్‌లో అన్నిటికంటే గట్టి మాటను సీన్‌లో పలికినట్టే పలకమని అడిగి చూసుకోండి.

9. అక్కడి నుంచి కదలకముందు

సామాన్లు సర్దడానికి ముందు ఇరవై నిమిషాలు దీనికే ఉంచండి. వరసలో ఇది కూడా ఒక పనిగా రాసి ఉండాలి, లేదంటే ఎవరూ చేయరు.

బాగుందనుకున్న ప్రతి టేకులో మొదటి పది సెకన్లు, చివరి పది సెకన్లు ఇయర్‌ఫోన్స్‌తో వినండి. వీడియోను ఫోన్లోనే పెద్దది చేసి కంటి దగ్గర ఫోకస్ చూడండి. చిన్న స్క్రీన్‌లో అన్నీ బాగానే ఉన్నట్టు కనపడతాయి. కొత్తవాడలో ఇంకొకటి కూడా చూసుకోవాల్సి వచ్చింది. నూలు పీచు లెన్స్ మీద పడి ఒక షాట్ మొత్తం పొగ పట్టినట్టు వచ్చింది. అక్కడే చూశాం కాబట్టి తుడిచి మళ్లీ తీశాం. పీచు, పిండి, దుమ్ము ఉన్నచోట ప్రతి షాట్‌కు ముందు మెత్తటి గుడ్డతో లెన్స్ తుడవాలని షీట్లోనే రాసుకోండి.

తర్వాత అందరినీ ఒక్క నిమిషం కదలకుండా ఉండమని ఖాళీ గది సౌండ్ తీయండి. మైక్ మాటలప్పుడు ఎక్కడుందో అక్కడే ఉండాలి. మాటల మధ్య ఖాళీల్లో వేయడానికి ఇది కావాలి. ఇది లేకపోతే ప్రతి కట్ దగ్గరా సౌండ్ తెగినట్టు వినపడుతుంది.

ఫైళ్లను అక్కడే ల్యాప్‌టాప్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసి, కాపీ అయినదాన్ని ఒకసారి తెరిచి చూడండి. అప్పటిదాకా ఫోన్లో ఏదీ తుడిచేయకండి. ఫోన్లో ఖాళీ ఎంత కావాలో ముందురోజు రాత్రి తేల్చుకోండి. ఒక నిమిషం వీడియో తీసి సైజు చూసి, అనుకున్న నిమిషాలకు మూడింతలు లెక్కవేయాలి.

చివరికి పంచె విప్పి, ఇటుకలు తెచ్చినచోటే పెట్టి, ఫ్యాను, ఫ్రిజ్ స్విచ్చులు వేసి, వస్తువుల గడి చూస్తూ ఒక్కొక్కటి లెక్కపెట్టి వెనక్కి ఇవ్వండి. మా షీట్లో చెంబు పక్కన టిక్కు లేదు. వెతికితే బ్యాగులో థర్మోకోల్ కింద దొరికింది.